"ఈద్‌కు ముందే" అంటే ఏ తేదీ? దుస్తుల దుకాణాల వారికి ఒక టైలర్ బహిరంగ లేఖ

దుస్తుల దుకాణాల యజమానులకు, ఆన్‌లైన్ అమ్మకాలు చూసే మేనేజర్లకు, ఈద్ ప్రకటనలు రాసేవారికి,

అస్సలాము అలైకుమ్, నమస్కారం.

నేను ఇంట్లో మిషన్ పెట్టుకుని ఆడవాళ్లకి, పిల్లలకి బట్టలు కుట్టే టైలర్‌ని. మీరు ఏటా ఈద్ కలెక్షన్ తెస్తారు. అందులో చాలా మంచి బట్టలు ఉంటాయి, నేనూ కొంటాను. కాబట్టి ఈ ఉత్తరం మీ బట్టల గురించి కాదు. వాటిని అమ్మడానికి మీరు రాసే ఒక్క మాట గురించి: "ఈద్‌కు ముందే మీ ఇంటికి."

ఈ మాట నమ్మి 2025లో నేనూ, నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఆరుగురూ ఒకే దుకాణంలో ఆర్డర్లు పెట్టాం. ఆ దుకాణం పేరు ఇక్కడ రాయను. వాళ్లకు రెండు మెయిళ్లు, ఒక ఉత్తరం పంపాను. మొదటి మెయిల్‌కి రెండు వాక్యాల జవాబు వచ్చింది, మిగతా రెండింటికీ రాలేదు. తర్వాత ఇతర దుకాణాల ప్రకటనలు కూడా జాగ్రత్తగా చదివాను. అదే మాట, దాని కింద అవే చిన్న అక్షరాలు. అందుకే ఒకరికి కాకుండా అందరికీ రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను

మార్చి 17, సోమవారం. మాకు అది రంజాన్ ఉపవాసాల్లో 16వ రోజా. ఇఫ్తార్ అయ్యాక రాత్రి కూర్చుని మా ఇంటివాళ్లకు రెడీమేడ్ బట్టలు ఆర్డర్ పెట్టాను. మా ఆయనకీ అబ్బాయికీ కుర్తాలు, పాపకి ఫ్రాక్, అత్తయ్యకి ఒక సూట్. "టైలర్ ఇంట్లో రెడీమేడా?" అని నవ్వకండి. ఆ నెలలో ఊరందరివీ కుట్టే నాకు ఇంట్లోవాళ్లవి కుట్టే టైమ్ ఉండదు. చెప్పులు కుట్టేవాడి పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగినట్టే మా సంగతీ.

ప్రకటనలో పెద్ద అక్షరాల్లో "ఈద్‌కు ముందే గ్యారంటీ డెలివరీ" అని ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో "పార్సిల్ సిద్ధం చేయడానికి 3 పని దినాలు, చేరడానికి 5 నుంచి 7 పని దినాలు" అని ఉంది. నేను వేళ్ల మీద లెక్కేశాను. మూడూ ఏడూ పది. 17కి పది కలిపితే 27. ఈద్ 31 గానీ ఏప్రిల్ 1 గానీ కావచ్చు. ఫర్వాలేదు, చాలా టైమ్ ఉందనుకున్నాను.

వాళ్ల లెక్క వేరు. 18, 19, 20 తేదీలు పార్సిల్ కట్టడానికి పోయాయి. 20 గురువారం సాయంత్రం కొరియర్‌కి ఇచ్చారు. 21 శుక్రవారం మొదటి పని దినం. 22, 23 శని, ఆదివారాలు, లెక్కలోకి రావు. 24 నుంచి 28 దాకా ఐదు రోజులు. మొత్తం ఆరు అయ్యాయి. 29, 30 మళ్లీ శని, ఆదివారాలు. 31 సోమవారం సెలవు. ఏం సెలవు? ఈద్ సెలవు! ఈద్‌కు ముందు రావాల్సిన పార్సిల్‌కి ఈద్ సెలవే అడ్డం పడి ఏడో పని దినం ఏప్రిల్ 1 అయింది. ఆ మంగళవారం మధ్యాహ్నం కొరియర్ అబ్బాయి తలుపు కొట్టి "ఈద్ ముబారక్ మేడమ్" అని పార్సిల్ చేతిలో పెట్టాడు. పాపం, అతని తప్పేముంది.

దుకాణం వారి నుంచి వచ్చిన ఆ రెండు వాక్యాల జవాబు ఇది: మీ ఆర్డర్ నిర్ణీత సమయంలోనే చేరింది, మాతో షాపింగ్ చేసినందుకు ధన్యవాదాలు. వాళ్ల కంప్యూటర్‌లో అది ఆలస్యమైన ఆర్డర్‌గా నమోదు కూడా కాలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. తప్పు జరిగిందని వాళ్లకి తెలియనే తెలియదు. నెలాఖరున ఎవరైనా రిపోర్టు తీసినా మా ఆర్డర్ పక్కన "సకాలంలో చేరింది" అనే ఉంటుంది.

అదే పద్ధతిలో నేను తర్వాత వెనక్కి లెక్కేశాను. ఏడో పని దినం మార్చి 28 శుక్రవారం కావాలంటే పార్సిల్ 19 బుధవారం సాయంత్రానికి కొరియర్‌కి చేరాలి. దానికి మూడు పని దినాలు 17, 18, 19. అంటే ఆర్డర్ 16 ఆదివారం రాత్రిలోగా పడాలి. నేను పెట్టింది 17 రాత్రి. ఒక్క రోజు వెనకబడితే పార్సిల్ ఒక్క రోజు కాదు, నాలుగు రోజులు వెనక్కి పోయి ఈద్ దాటిపోయింది. ఈ సంగతి మీ షిప్పింగ్ డెస్క్‌లో పనిచేసేవాళ్లకి కచ్చితంగా తెలుసు. కానీ ఆ ప్రకటన మార్చి 27 దాకా నా ఫోన్‌లో వస్తూనే ఉంది, అదే "గ్యారంటీ" మాటతో.

నెలవంక మీద నెపం వేయకండి

నేను ఫోన్ చేసినప్పుడు అవతల మాట్లాడినవారు "ఈద్ తేదీ ముందుగా తెలియదు కదండీ" అన్నారు. నిజమే, తెలియదు. 29వ రోజా సాయంత్రం నెలవంక కనిపిస్తే మర్నాడు ఈద్, కనిపించకపోతే 30 రోజాలు పూర్తి చేసి ఆ మర్నాడు. 2025లోనే సౌదీ అరేబియాలో మార్చి 30న ఈద్ అయింది, మాకు 31న. కానీ తెలియనిది ఒక్క రోజు తేడా మాత్రమే. రెండు తేదీల్లో ముందుదాన్ని పట్టుకుని, దానికి రెండు రోజుల ముందే పార్సిల్ చేరేలా లెక్క కడితే ఆ తేడా మిమ్మల్ని ఏమీ చేయదు. పైన చెప్పిన 16వ తేదీ గడువు పెట్టుకుని ఉంటే 30న ఈద్ చేసుకున్నవారికీ, 31న చేసుకున్నవారికీ ఇద్దరికీ బట్టలు అందేవి.

బక్రీద్‌కి ఆ మాట కూడా చెల్లదు. జిల్‌హజ్ నెలవంక కనిపించిన తర్వాత పదో రోజు పండుగ, కాబట్టి తేదీ పది రోజుల ముందే ఖాయమవుతుంది.

అసలు పొరపాటు ఇంకోచోట జరుగుతోందని నా అనుమానం. మన నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి, సంవత్సరానికి 354 లేదా 355 రోజులే. అందుకని ఈద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పోయినేడాది ప్రచారం ఏ తేదీన మొదలుపెట్టారో ఈ ఏడూ అదే తేదీన మొదలుపెడితే మొదలుపెట్టిన రోజే పది రోజులు ఆలస్యమైనట్టు. నా కస్టమర్లు చాలామంది "ఈసారి ప్రకటనలు లేటుగా వచ్చాయక్కా" అనడం నేను ఒక్కసారి కాదు, వరసగా రెండేళ్లు విన్నాను.

కుట్టని బట్ట సంగతి ఇంకా వేరు

ఇది నా వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి.

మీ ఈద్ కలెక్షన్‌లో సగం దాకా కుట్టని మూడు ముక్కల సెట్లే ఉంటాయి. పైబట్ట, సల్వార్ బట్ట, దుపట్టా. వాటికి కూడా రెడీమేడ్‌తో పాటే "ఈద్‌కు ముందే డెలివరీ" అని రాస్తారు. ఈద్‌కు ముందు రోజు బట్ట ముక్క ఇంటికి వస్తే దాన్ని ఎవరు ఏం చేసుకోవాలి?

ఒక సెట్ నా చేతికి వచ్చాక ఏం జరుగుతుందో చెప్తాను. కాటన్ అయితే ముందు నీళ్లలో తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. లోపల వేసే అస్తర్ బట్టని కూడా విడిగా తడపాలి. దీనికే ఒక పూట, ఎండ లేకపోతే ఒక రోజు. తర్వాత కొలతలు చూసి కటింగ్, అస్తర్ వేసి కుట్టడం, చేతికుట్టుతో హెమ్మింగ్, హుక్స్, ఆఖరున ట్రయల్, ఏదైనా బిగుతైతే ఆల్టరేషన్. రోజా ఉండి, ఇంటి పని చూసుకుంటూ, రాత్రి తరావీహ్ నమాజు అయ్యాక మళ్లీ మిషన్ ముందు కూర్చుంటే రోజుకి ఒక సెట్ పూర్తవుతుంది. బాగా గట్టిగా కూర్చుంటే రెండు. అందుకే నేను 15వ రోజా తర్వాత కొత్త ఆర్డర్లు తీసుకోను. నాకు తెలిసిన టైలర్లు చాలామంది ఇంకా ముందే ఆపేస్తారు.

2025లో నా దగ్గరికి వచ్చే ఆరుగురు మార్చి 10, 11, 12 తేదీల్లో ఆ దుకాణంలో కుట్టని సెట్లు ఆర్డర్ పెట్టారు. ముందే నాతో చెప్పి, నా దగ్గర రోజులు కేటాయించుకున్నారు. ఐదారు రోజుల్లో వస్తుందని అందరం అనుకున్నాం. ఆ పార్సిళ్లు 25, 26, 27 తేదీల్లో వచ్చాయి. అంటే 24వ రోజా నుంచి 26వ రోజా దాకా. అప్పటికే నా ముందు ఇరవైకి పైగా సెట్లు గుట్టగా ఉన్నాయి.

ఆరింటిలో నాలుగు కుట్టగలిగాను. రెండింటిని కత్తెర పెట్టకుండానే తిరిగి ఇచ్చేశాను. కుట్టిన నాలుగింటిలో ఒకదానికి టైమ్ లేక అస్తర్ తడపకుండా వేశాను. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. ఈద్ రోజు బాగానే ఉంది. మొదటిసారి ఉతికాక అస్తర్ కుంచించుకుపోయి, పైబట్ట ఛాతీ దగ్గర, అంచుల దగ్గర ముడతలు పడిపోయింది. ఆ అమ్మాయి తీసుకొచ్చి చూపించి, నన్ను ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటేనే బాగుండేది.

దీనివల్ల ఎవరికి ఏం జరుగుతోంది

1. ఈద్ నమాజు పొద్దున్నే, సూర్యోదయమైన కొద్దిసేపటికే ఉంటుంది. కొత్తవో, ఉన్నవాటిలో మంచివో శుభ్రంగా వేసుకుని ఈద్గాకి వెళ్తాం. కాబట్టి బట్టలు ఈద్ రోజు వస్తే లాభం లేదు, ముందు రోజు సాయంత్రం వచ్చినా కష్టమే. పొడవు కత్తిరించడానికి, ఇస్త్రీకి, పిల్లాడికి వేసి చూడడానికి ఒక రోజైనా చేతిలో ఉండాలి. "ఈద్ రోజుకల్లా" అని కొందరు రాస్తారు. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి పార్సిల్ వస్తే వాళ్ల లెక్కలో మాట నిలబెట్టుకున్నట్టే.

2. పిల్లల విషయంలో తల్లిదండ్రులు రెండుసార్లు ఖర్చు పెడుతున్నారు. పార్సిల్ రాదని తెలిసిన రాత్రి పక్క బజారుకి పరుగెత్తి, దొరికింది దొరికినట్టు కొంటారు. తర్వాత పార్సిల్ వస్తుంది. "సీజన్ సేల్ వస్తువులు తిరిగి తీసుకోం" అంటారు. మా పాప ఫ్రాక్ అలాగే బీరువాలో ఉండిపోయింది. మళ్లీ ఈద్ వచ్చేసరికి పొట్టిదైపోయింది.

3. ఇది బయటివారికి అంతగా తెలియదు. చాలామంది తమకోసమే కాదు, లేనివాళ్ల పిల్లల కోసం కూడా బట్టలు కొంటారు. పేదలకు ఇచ్చే ఫిత్రా దానం ఈద్ నమాజుకు ముందే ఇచ్చేయాలన్నది నియమం. దానికి తోడు బట్టలు కూడా ఆ లోపలే పంచేయాలని చూస్తారు. పది ఇళ్లు తిరిగి, సైజులు చూసి పంచడానికి కనీసం నాలుగైదు రోజులు కావాలి. మా వీధిలో ఒకాయన పన్నెండు జతలు తెప్పించారు, అవి ఈద్ తర్వాత వచ్చాయి. ఆయన తర్వాత పంచారు గానీ, పిల్లలు ఈద్గాకి పాత బట్టలతోనే వెళ్లారు.

4. చివర్లో వచ్చిన బట్ట భారం టైలర్ మీద పడుతుంది. కస్టమర్ మొహం చూసి కాదనలేం. ఆఖరి పది రాత్రులు మాకు అన్నింటికంటే విలువైన రాత్రులు, దువా చేసుకునే రాత్రులు. అవి మిషన్ చప్పుడులో పోతున్నాయి. ఇది మీ తప్పని పూర్తిగా అనను, పని ఒప్పుకున్నది నేనే. కానీ ఆ బట్ట 10వ రోజాకి వచ్చి ఉంటే ఆ రాత్రి మిగిలేది.

మాట తీరు గురించి కొంచెం

ఇది డెలివరీ అంత పెద్ద విషయం కాదు గానీ, దీనికీ చోటివ్వాలి.

మార్చి 29 సాయంత్రం, మాకు ఇంకా 28వ రోజా. ఆ దుకాణం నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: "నెలవంక కనిపించింది! ఈద్ కలెక్షన్‌కి చివరి అవకాశం." అదే సాయంత్రం సౌదీలో మర్నాడు ఈద్ అని ప్రకటించారు. మా అత్తయ్య టీవీలో అది చూసి, ఈ మెసేజ్ కూడా చదివి, మాకు కూడా రేపేనేమో అని కంగారుపడ్డారు. మసీదుకి ఫోన్ చేసి కనుక్కునేదాకా ఇంట్లో టెన్షనే. నెలవంక వార్త మాకు ఎంతో ముఖ్యమైనది. చూసినవాళ్ల సాక్ష్యం తీసుకుని, పెద్దలు ప్రకటిస్తే నమ్ముతాం. అది సేల్ బోర్డు మీద రాసుకునే మాట కాదు. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ మెసేజ్ చూసి ఆర్డర్ పెట్టినా బట్టలు ఈద్‌లోపు వచ్చే దారే లేదు.

ప్యాకింగ్ మీద బిస్మిల్లా అనో, ఖురాన్ ఆయత్ ముక్కో అందంగా అరబిక్‌లో అచ్చువేస్తారు. మీరు గౌరవంగానే వేసి ఉంటారు. కానీ ఆ కవర్‌ని చింపి చెత్తబుట్టలో వేయలేం, దాచుకోనూ లేం. నా దగ్గర అలాంటి సంచులు ఒక మూట ఉన్నాయి, ఏం చేయాలో తెలియక. "ఈద్ ముబారక్" అని తెలుగులో రాస్తే చాలు, సంతోషిస్తాం.

మగవాళ్ల కుర్తాలకి "ప్యూర్ సిల్క్ లుక్", "సిల్క్ కుర్తా" అని రాస్తారు. మగవాళ్లు అసలు పట్టు వేసుకోకూడదన్నది మాలో ఎక్కువమంది పాటించే నియమం. మీరు పంపేది చాలాసార్లు పాలిస్టరో, విస్కోసో అయి ఉంటుంది. అయినా పేరు చూసి కొనడం మానేసేవాళ్లున్నారు. కొన్నాక అనుమానంతో నా దగ్గరికి తెచ్చేవాళ్లూ ఉన్నారు. నేను లోపలి కుట్టులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూస్తాను. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్లతో నలిపితే పొడైపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది. విస్కోస్ కాగితం కాలిన వాసన వస్తుంది. ఈ పరీక్ష నేను చేయాల్సిన అవసరమేమిటి? బట్ట ఏదో పేరు రాస్తే సరిపోతుంది కదా.

అలాగే పల్చటి బట్టకి అస్తర్ కుట్టి ఉందా, విడిగా ఇస్తున్నారా, అసలు లేదా అన్నది రాయరు. లేకపోతే అది కొని, తడిపి, వేయించుకోవడానికి ఇంకో రెండు రోజులు. అది కూడా డెలివరీ లెక్కలోకి వచ్చే సంగతే.

మేము కోరేది

1. ప్రకటనలో "ఈద్‌కు ముందే" అన్న మాట పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో రెండు తేదీలు రాయండి: ఆర్డర్ పెట్టడానికి ఆఖరి తేదీ, బట్ట చేతికి అందే ఆఖరి తేదీ. పని దినాల లెక్క మాకు వదిలేయకండి. ఏ రోజు మీకు సెలవో, కొరియర్‌కి ఏ రోజు సెలవో మాకెలా తెలుస్తుంది? దూరప్రాంతాలకి తేదీ వేరైతే పిన్‌కోడ్ కొట్టగానే ఆ తేదీ కనిపించాలి.

2. చేతికి అందే తేదీ, ఈద్ కావడానికి వీలున్న రెండు రోజుల్లో ముందుదానికి కనీసం రెండు రోజులు ముందు ఉండాలి. "పార్సిల్ పంపే తేదీ" కాదు, అందే తేదీ. ఈ రెండింటినీ కలిపేసి రాసే దుకాణాలు చాలా ఉన్నాయి.

3. కుట్టని బట్టకి గడువు వేరుగా పెట్టండి. అది 10వ రోజాలోపు చేతికి అందాలి. ఆ తర్వాత ఆర్డర్ పెట్టేవారికి "ఇది కుట్టించుకోవాల్సిన బట్ట, ఈద్‌లోపు కుట్టడం కష్టం కావచ్చు" అని డబ్బు కట్టే పేజీలోనే కనిపించాలి.

4. గడువు దాటిన రోజు అర్ధరాత్రికల్లా ఆ ప్రకటన ఆపేయండి. అమ్మకం ఆపమని కాదు. "ఈద్ తర్వాత అందుతుంది" అని రాసి అమ్ముకోండి. పెళ్లికో, ఇంకో శుభకార్యానికో కొనేవాళ్లు ఉంటారు.

5. చెప్పిన తేదీకి అందకపోతే, సేల్ వస్తువైనా సరే, కత్తెర పడని బట్టని తిరిగి తీసుకుని డబ్బు పూర్తిగా ఇచ్చేయండి. తీసుకెళ్లే ఖర్చు మీదే. రాదని మీకు తెలిసిన వెంటనే మాకు మెసేజ్ పెట్టండి. రెండు రోజులు ముందు తెలిస్తే ఇంకోచోట నిదానంగా కొనుక్కుంటాం.

6. సైజు మార్పు గురించి నిజం చెప్పండి. ఒకసారి వచ్చి, తిరిగి వెళ్లి, మళ్లీ ఇంకోటి రావాలంటే మీ లెక్క ప్రకారం రంజాన్ మొదలుకాకముందే మొదటి ఆర్డర్ పడాలి. "సులభంగా మార్చుకోవచ్చు" అనే బదులు "ఈ తేదీ తర్వాత కొన్నవాటికి ఈద్‌లోపు సైజు మార్చలేం" అనండి. అప్పుడు మేమే టేపు పట్టుకుని సరిగ్గా కొలుచుకుంటాం. కుర్తాకి ఛాతీ, భుజం, పొడవు ఎన్ని అంగుళాలో ఇస్తే చాలు. ఎస్, ఎం, ఎల్ అక్షరాలు ఒక్కో దుకాణంలో ఒక్కోలా ఉంటాయి.

7. పైన చెప్పిన మాట తీరు సంగతులు: నెలవంక పేరుతో ఆఫర్లు వద్దు, ప్యాకింగ్ మీద పవిత్ర వాక్యాలు వద్దు, బట్ట అసలు పేరు, అస్తర్ వివరం రాయాలి. సహరీ, ఇఫ్తార్ వేళల్లో, ఆఖరి పది రాత్రుల్లో అర్ధరాత్రి మెసేజ్‌లు పంపకండి.

రాయడం తేలికే, ఎలా రాయాలో చెప్పమని మీ ప్రకటనల విభాగం వారు అడగొచ్చు. 2025 లెక్కలతో నాకు తోచినట్టు ఒకటి రాశాను. నేను రచయితను కాను, మీరు బాగుచేసుకోండి.

*ఈద్ కోసం కొత్త దుస్తులు వచ్చాయి. రెడీమేడ్ దుస్తులు మార్చి 16 ఆదివారం రాత్రి 12 లోపు ఆర్డర్ చేస్తే మార్చి 28 శుక్రవారం నాటికి మీ చేతికి అందుతాయి. ఆ తర్వాత చేసిన ఆర్డర్లు ఈద్‌లోపు అందుతాయని మేము చెప్పలేం. కుట్టని సెట్లు ఫిబ్రవరి 24 లోపు ఆర్డర్ చేయండి, అప్పుడు కుట్టించుకోవడానికి సమయం ఉంటుంది. మగవారి కుర్తాలు కాటన్, విస్కోస్‌లో ఉన్నాయి, పట్టు కలవలేదు. ప్రతి దుస్తుకి అస్తర్ ఉందో లేదో కింద రాశాం. చెప్పిన తేదీకి అందకపోతే డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాం. మీ కుటుంబానికి ముందుగానే ఈద్ ముబారక్.*

దీనిలో "త్వరపడండి" లేదు, గడియారం టిక్కుటిక్కుమనడం లేదు. అయినా 16 రాత్రిలోపు నేను కచ్చితంగా ఆర్డర్ పెట్టేదాన్ని, నా కస్టమర్లకీ పంపేదాన్ని.

ఫిబ్రవరి 24 మరీ ముందు కదా, అప్పటికి రంజాన్ కూడా మొదలుకాదు, అప్పుడెవరు కొంటారు అని మీరు అనుకోవచ్చు. కొంటారండి. మంచి టైలర్ దగ్గర చోటు దొరకాలంటే రంజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెలలోనే బట్ట తెచ్చి ఇచ్చేవాళ్లు నాకు చాలామంది ఉన్నారు. వాళ్లకి మీ ప్రకటన ఆ సమయానికి కనిపించదు, అంతే. మీరు వాళ్లని వదులుకుని, కుట్టే వీలు లేని రోజుల్లో మిగతావాళ్లకి అమ్ముతున్నారు.

చిన్న దుకాణాల వారికి ఒక మాట. కొరియర్ మీ చేతిలో లేదని నాకు తెలుసు. పండుగ వారంలో గోడౌన్‌లు పార్సిళ్లతో నిండిపోతాయి, "ఇంటికి వెళ్లాం, ఎవరూ లేరు" అని అబద్ధపు ఎంట్రీ కూడా పడుతుంది. గ్యారంటీ ఇవ్వలేకపోతే ఇవ్వకండి. "సాధారణంగా ఇన్ని రోజులు పడుతుంది, పండుగ వారంలో ఇంకో మూడు రోజులు ఆలస్యం కావచ్చు" అని రాయండి. దాన్ని బట్టి మేమే నిర్ణయించుకుంటాం. లేదా దుకాణానికి వచ్చి తీసుకెళ్లే సదుపాయం పెట్టండి, నాలాంటివాళ్లు సంతోషంగా వస్తారు.

నా ఆర్డర్ వివరాలు, పార్సిల్ ఎక్కడెక్కడ ఎన్ని రోజులు ఆగిందో చూపించే ట్రాకింగ్ కాగితాలు, ఆ ఆరుగురి పార్సిళ్ల మీది తేదీలు నా దగ్గర ఉన్నాయి. ఏ దుకాణం వారైనా సరే తమ లెక్క సరిచూసుకోవడానికి అడిగితే, ఆ ఆరుగురి అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి ఇస్తాను. అత్తయ్య కోసం వచ్చిన సూట్ ఇంకా ప్యాకెట్ విప్పకుండానే ఉంది. వాపసు తీసుకోవాల్సిన దుకాణం వారు ఈ ఉత్తరం చదివితే, అది ఎవరిదో వారికి తెలుస్తుంది.

ఇట్లు,
15వ రోజాకి ఆర్డర్లు ఆపేసే ఒక టైలర్